కమ్యూనిటీ హాలు వైఫై పాస్‌వర్డు: గోడ మీద ఏమి రాయాలి, చేతికి ఏమి ఇవ్వాలి

ప్రశ్న: నమస్కారమండీ. మహబూబ్‌నగర్‌లో 32 ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు ఈ ఏడాది నేను కార్యదర్శిని. కింద కమ్యూనిటీ హాలులో అందరికీ కలిపి ఒక వైఫై ఉంది. దాని పాస్‌వర్డు నెలనెలా మార్చాలని సమావేశంలో తీర్మానించాం. "ఒకటో తేదీ నుండి హాలు వైఫై పాస్‌వర్డు ప్రతి నెల మార్చబడును. కావలసినవారు అసోసియేషన్‌ను సంప్రదించగలరు" అని నోటీసు పెట్టాను. ఒకటో తేదీ పొద్దున మొదలైన ఫోన్లు రాత్రి దాకా ఆగలేదు. సాయంత్రానికి ఎవరో కొత్త పాస్‌వర్డును ఆ నోటీసు కిందనే పెన్నుతో రాసేశారు. గేటు దగ్గరి కెమెరాలు ఫోనులో కనిపించడం మానేశాయి. విశ్రాంత ఇంజనీరు గారొకరు నెలనెలా మార్చడం కాలం చెల్లిన పద్ధతి అంటున్నారు. వచ్చే నెల నోటీసు ఎలా రాయాలి? పాస్‌వర్డు ఎలా పంచాలి?
— ఒక కార్యదర్శి, మహబూబ్‌నగర్

జవాబు: పెన్నుతో రాసినవారి మీద కోపం పెట్టుకోకండి. మీ నోటీసు మధ్యలో వదిలేసిన పనిని వారు పూర్తిచేశారు. "అసోసియేషన్‌ను సంప్రదించగలరు" అన్న మాట చదివినవారికి ఏమి తెలుస్తుందో, ఒకసారి లిఫ్టు ముందు నిలబడి మీరే చదువుకోండి. అసోసియేషన్ అంటే ఏ ఫ్లాటు? ఏ వేళకు తలుపు తట్టవచ్చు? అబ్బాయిని పంపితే ఇస్తారా, ఇంటి పెద్దే రావాలా? ఇవేవీ తెలియనప్పుడు 32 ఇళ్లవారికీ మిగిలిన దారి ఒక్కటే, మీ నంబరుకు ఫోను చేయడం. వారిలో ముందుగా పాస్‌వర్డు దొరికినవారు తోటివారి అవస్థ చూసి, తమకు తోచిన సాయం చేశారు. మారుస్తున్నామని చెప్పే నోటీసు రాశారు గాని, ఎలా అందుతుందో చెప్పే నోటీసు ఇంకా రాయలేదు. మనం రాయవలసింది అది.

అంతకు ముందు ఇంజనీరు గారి సంగతి. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది, సమావేశంలో ఆయనను మాట్లాడనివ్వండి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మనిషి తన ఖాతాకు పెట్టుకున్న పాస్‌వర్డును కేవలం గడువు వచ్చిందని మార్పించవద్దని, బయటపడిందన్న ఆధారం ఉన్నప్పుడు మార్పిస్తే చాలని చెప్పింది. గడువు పెడితే జనం పాతదాని చివర ఒకటి, రెండు అని అంకె మార్చి సరిపెడతారు, భద్రత పెరగదు. అయితే అది ఒక్క మనిషికి మాత్రమే తెలిసిన రహస్యం గురించిన మాట. మీ హాలు పాస్‌వర్డు 32 కుటుంబాలకు తెలుసు. ఖాళీ చేసి వెళ్లే కుటుంబం ఇంటి తాళంచెవి యజమాని చేతిలో పెట్టి వెళ్తుంది. పాస్‌వర్డు మాత్రం వారి ఫోన్లతోనే పోతుంది. వారు మారింది ఎదురు సందులోని ఇంటికే అయితే, హాలు సిగ్నల్ అందినంత మేర వారి ఫోను తనంతట తాను కలుస్తూనే ఉంటుంది, అందులో వారి తప్పేమీ లేదు. యూనివర్సిటీ పిల్లలు ముగ్గురు నలుగురు కలిసి అద్దెకు ఉండే ఫ్లాట్లలో ఏడాదికోసారి అందరూ మారిపోతారు. కాబట్టి మీరు చేస్తున్నది తాళం మార్చడం. అద్దెవారు ఎక్కువగా మారే భవనానికి నెల గడువు సరైనదే. అందరూ సొంతదారులే ఉండే చోటైతే, ఎవరైనా ఖాళీ చేసినప్పుడల్లా మారిస్తే సరిపోయేది.

ఆ కనెక్షన్ ఎవరో ఒకరి పేరు మీద ఉంటుందన్న సంగతి కూడా ఇంజనీరు గారికి చెప్పండి. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు వార్తా సంస్థలకు వెళ్లిన బెదిరింపు ఈమెయిల్ జాడ తీస్తే, నవీ ముంబైలో ఒక ఇంటి పాస్‌వర్డు లేని వైఫై దగ్గర తేలింది. పోలీసులు ముందు వెళ్లింది ఆ ఇంటికే. మీ హాలు బిల్లు ఎవరి పేరున వస్తోందో చూసుకోండి. ఏ నెలలో ఏ ఇళ్లకు పాస్‌వర్డు ఇచ్చామో చెప్పే ఒక పుస్తకం ఉంటే, ఆ పేరున్న మనిషికి అది అండ.

ఇక రోజు. ఒకటో తేదీని వదిలేయండి. ఆ రోజు అద్దెలు, పాల లెక్కలు, సామాన్ల బండ్లు, కొత్తవారు దిగడం, పాతవారు పోవడం. పైగా అది ఏ వారమైనా కావచ్చు. ఉదయం పది గంటలకు సగం ఇళ్లకు తాళాలు ఉంటాయి, మీరూ ఉద్యోగంలో ఉంటారు. నెలలో మొదటి ఆదివారం పెట్టుకోండి. పోయేవారు చాలావరకు అప్పటికి పోయి ఉంటారు, వచ్చేవారు వచ్చి ఉంటారు, హైదరాబాద్‌కు రోజూ రైల్లో వెళ్లివచ్చేవారు కూడా ఆ పూట ఇంట్లో దొరుకుతారు. మార్పు అర్ధరాత్రి చేయకండి. ఉదయం పది గంటలకు మీరు హాలులో కూర్చుని, అందరి ఎదుట మార్చి, ఆ కుర్చీలోంచే చీటీలు ఇవ్వడం మొదలుపెట్టండి. పాతది ఆగిపోవడానికీ కొత్తది చేతికి అందడానికీ మధ్య ఖాళీ లేకపోతే ఫోన్లలో ఎక్కువ భాగం రావు.

మార్చే పనిలోనే ఒక మెలిక ఉంది. దాన్ని నేను పడిన ఇబ్బందితోనే చెప్తాను. నల్లగొండలో మా భవనానికి నేను కోశాధికారిగా ఉన్న ఏడాది, పాస్‌వర్డు మార్చిన మూడో రోజుకు ఇద్దరు వచ్చారు. రెండో అంతస్తు టీచరమ్మ గారు, కొత్తది ఎన్నిసార్లు కొట్టినా కలవడం లేదన్నారు. ఆమె వెనకే వచ్చిన డిగ్రీ అబ్బాయి, తాను కొత్తది తీసుకోనే లేదని, అయినా పాతదానితో బాగా వస్తోందని చెప్పాడు. ఎవరో రూటరులోకి చొరబడ్డారని మేము వారం రోజులు అనుమానపడ్డాం. అందరి ముఖాలూ అనుమానంగా చూశాం, అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అసలు సంగతి ఇది: ఇప్పుడు వాడే రూటర్లలో చాలావాటికి రెండు తరంగాలు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది, వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ దగ్గరలో వేగంగా పనిచేస్తుంది. మా రూటరులో ఒక్కోదానికి విడిగా పేరు, విడిగా పాస్‌వర్డు గడి ఉన్నాయి. నేను మార్చింది మొదటి గడి ఒక్కటే. ఆ అబ్బాయి ఫోను 5 మీద పాతదానితో హాయిగా నడుస్తోంది. టీచరమ్మ గారు జాబితాలో పైన కనబడిన 5 పేరును నొక్కి, కొత్త పాస్‌వర్డు కొడుతున్నారు.

కాబట్టి మార్చాక, ఒక్క చీటీ కూడా ఇవ్వకముందే పరీక్షించండి. ఇదివరకు పాతదానితో కలిసిన, కొత్తది చెప్పని ఒక ఫోనుతో హాలులో కూర్చుని, వైఫై ఆపి మళ్లీ వేయండి. ఏ పేరుకూ కలవకూడదు. రూటరు పేజీలో కలిసి ఉన్న పరికరాల జాబితా ఉంటుంది, అదీ చూడండి. మీరు మార్చడానికి వాడుతున్న ఫోనో కంప్యూటరో తప్ప ఇంకేదైనా హాలు వైఫై మీద కనబడితే, ఎక్కడో ఒక గడి మిగిలిపోయిందన్నమాట. కొన్ని కొత్త రూటర్లు రెండు తరంగాలకూ ఒకే పేరు, ఒకే గడి చూపిస్తాయి. మీది ఏ రకమో ఈ ఒక్క పరీక్షతో తేలిపోతుంది.

కెమెరాలు ఆగడానికి కారణం కూడా ఈ గడులలోనే ఉంది. మీ కెమెరాలు గాని, వాటి రికార్డరు గాని, ఇళ్లవారి ఫోన్లు కలిసే ఆ వైఫైకే కలిసి ఉన్నాయి. పాస్‌వర్డు మారగానే వాటికి దారి పోయింది. రికార్డరులో డిస్కు ఉంటే, కెమెరాల తీగలు నేరుగా దానికే వచ్చి ఉంటే, రికార్డింగు లోపల జరుగుతూనే ఉండి ఉంటుంది, బయటినుండి చూడలేకపోతారంతే. కెమెరాలే వైఫైతో కలిసేవైతే ఆ రోజుల దృశ్యాలు లేకుండా పోయి ఉండవచ్చు, ముందు అది చూసుకోండి. దీనికి శాశ్వతమైన మార్గం, రూటరు పేజీలో `Guest Network` అన్న చోట ఉంటుంది. దాన్ని తెరిచి, హాలుకు వచ్చేవారందరికీ ఆ గెస్ట్ వైఫై ఇవ్వండి. నెలనెలా మార్చేది దాని పాస్‌వర్డు ఒక్కటే. అసలు వైఫై పాస్‌వర్డును ఈసారి ఒక్కసారి మార్చి, కెమెరాలకు పెట్టి, మీకూ కోశాధికారి గారికీ తప్ప ఎవరికీ తెలియకుండా ఉంచండి. కెమెరాల మనిషిని పిలిపించి రికార్డరుకు రూటరు నుండి తీగ వేయించగలిగితే ఇంకా మంచిది, ఏ పాస్‌వర్డు మారినా దానికి పట్టదు. గెస్ట్ వైఫైకి కూడా రెండు తరంగాలు, రెండు గడులు ఉండవచ్చు, పైన చెప్పిన పరీక్షను దాని మీదే చేయండి. గెస్ట్ వైఫై పేరును మాత్రం ఒకసారి పెట్టాక మార్చకండి. పేరు, పాస్‌వర్డు రెండూ మారితే పెద్దవారు ఏది నొక్కాలో తెలియక ఆగిపోతారు.

ఒక్క విషయం మరిచిపోతే ఈ శ్రమంతా వృథా అవుతుంది. రూటరు పేజీ తెరవడానికి వేరే పాస్‌వర్డు ఉంటుంది. అది ఇంకా `admin` గానో, రూటరు అడుగున అతికించిన కాగితం మీది మాటగానో ఉంటే, హాలులో కూర్చున్న ఎవరైనా బ్రౌజరులో `192.168.1.1` లాంటి రూటరు చిరునామా కొట్టి లోపలికి వెళ్లి, వచ్చే నెల పాస్‌వర్డును మీకంటే ముందే చదువుకోగలరు. అది ఈ రోజే మార్చండి. రూటరును చేతికి అందే బల్ల మీద కాకుండా పైన గోడకు, తాళం వేసే జాలీ పెట్టెలో పెట్టించండి. వెనక ఉన్న చిన్న రంధ్రంలో పుల్లతో కొన్ని సెకన్లు నొక్కిపడితే అన్నీ చెరిగిపోయి, ఆ కాగితం మీది పాస్‌వర్డే మళ్లీ పనిచేస్తుంది. `WPS` అని ఒక మీట ఉంటే, దాన్ని నొక్కినప్పుడు పాస్‌వర్డు లేకుండానే కొత్త పరికరం చేరిపోతుంది. సెట్టింగులలో దాన్ని ఆపేయండి.

పాస్‌వర్డు ఎలా ఉండాలన్నది తర్వాతి మాట. మనం సాధారణంగా వాడే పద్ధతిలో అది 8 నుండి 63 అక్షరాల మధ్య ఉండాలి. చాలా సంఘాలు ఎనిమిది అంకెలో, ఎవరిదో మొబైల్ నంబరో పెడతాయి. ఒక ఫోను వైఫైకి కలిసే క్షణంలో గాలిలో పోయే మాటను పట్టుకున్నవాడు, ఇంటికి వెళ్లి తన కంప్యూటరులో తీరిగ్గా ఊహలు సరిచూసుకోగలడు. ఎనిమిది అంకెలంటే పది కోట్ల అవకాశాలు. మంచి గ్రాఫిక్స్ కార్డుకు అది నిమిషాల పని, మొబైల్ నంబరు కొన్ని గంటల పని. అలాగని పెద్దవారు చదవలేని చిహ్నాల గుంపు పెడితే, వారు పక్కింటి పిల్లల చేతికి ఫోను ఇవ్వవలసి వస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు నాలుగు మాటలు, మధ్యలో గీతలు, చివర రెండంకెలు పెట్టండి. ఇలా:

```
gampa-neredu-kunda-billa-63
```

అన్నీ చిన్న అక్షరాలే. సున్నాను, ఒకటిని వాడకండి, అవి ఓ, ఎల్ అక్షరాలతో కలిసిపోతాయి. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, ఒకరికి ఒక `e` చాలు, ఇంకొకరికి రెండు కావాలి. అందుకే నోటితో చెప్పకండి, అచ్చువేసిన చీటీయే ఇవ్వండి. ఊరి పేరు పక్కన నెల పేరు పెట్టే అలవాటు ఉంటే మానేయండి. జూన్‌లో `palamuru-june` చూసినవారికి జూలై పాస్‌వర్డు ఎవరూ చెప్పనక్కరలేదు. ఖాళీ చేసి వెళ్లినవారికి కూడా.

ఇప్పుడు పంపకం. నా అభిప్రాయం ఇది: ఫ్లాటుకు ఒక చీటీ, నేరుగా చేతికే. వాట్సాప్ గ్రూపులో పెట్టడం సులువే. కానీ మీ గ్రూపులో ఎవరెవరు ఉన్నారో ఒకసారి పేర్లు చదవండి. రెండేళ్ల కిందట ఖాళీ చేసినవారు, ఫ్లాటు అద్దెకిచ్చి వేరే ఊళ్లో ఉంటున్న యజమానులు, ఎప్పుడో నీళ్ల మోటారు బాగుచేసిన మనిషి, అందరూ ఉంటారు. తర్వాత ఎవరినైనా తొలగించినా, వారికి అప్పటికే చేరిన సందేశం వారి ఫోనులోనే ఉంటుంది. హాలు గోడకు క్యూఆర్ కోడ్ అతికించడం కూడా పాస్‌వర్డు రాసి అతికించడంతో సమానం. ఆ గళ్ల బొమ్మలో పాస్‌వర్డు ఉన్నదున్నట్లుగా ఉంటుంది, ఫొటో తీసుకుంటే చాలు. బయటి గోడకు వద్దు గాని, మీ బల్ల మీద ఒక కాగితంపై పెట్టుకుని, టైపు చేయలేనివారు వచ్చినప్పుడు వారి ఫోనుకు చూపించడానికి క్యూఆర్ చాలా మంచిది.

బల్ల దగ్గర ఒక రిజిస్టరు పెట్టండి. ఫ్లాటు నంబరు, తీసుకున్నవారి పేరు, తేదీ, సంతకం, అంతే. పాస్‌వర్డు అందులో రాయకండి. పన్నెండేళ్లు దాటిన పిల్లలను పంపినా ఇవ్వండి, కాని ఆ ఫ్లాటు పిల్లలేనని మీకు తెలిసి ఉండాలి. పూట తప్పినవారి కోసం సోమవారం సాయంత్రం ఒక గంట, ఆ తర్వాత నెలంతా ఒక స్థిరమైన మనిషి, స్థిరమైన వేళ ఉండాలి. ఫోనులో ఎవరికీ చెప్పవద్దు. మరీ రాలేని పెద్దవారో, రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మో అడిగితే, వచ్చిన నంబరుకు కాకుండా మీ దగ్గర ముందునుండీ ఉన్న వారి నంబరుకు మీరే తిరిగి ఫోను చేసి, చీటీని వారి తలుపు దగ్గర చేతికి ఇవ్వండి.

చీటీలు వాచ్‌మన్ దగ్గర పెట్టాలని మీకు తోచవచ్చు, దయచేసి పెట్టకండి. ఆయన నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. గేటు దగ్గర అడిగిన మనిషికి లేదనగలిగే స్థానం మనం ఆయనకు ఇవ్వలేదు. సామాను తెచ్చిన కుర్రాడు అడుగుతాడు, పై ఫ్లాటు వారి చుట్టం అడుగుతాడు, ఇవ్వకపోతే ఒక మాట పడతాడు, ఇచ్చాక ఏదైనా జరిగితే ఇంకో మాట పడతాడు.

మెయింటెనెన్స్ బకాయి ఉన్నవారికి చీటీ ఆపుదామని సమావేశంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మా దగ్గర అన్నారు, ఒక నెల ఆపారు కూడా. ఆ ఇంటి అమ్మాయి గ్రూప్స్ పరీక్షకు హాలులో కూర్చుని చదువుకునేది. ఆ నెలంతా దిగిరాలేదు. బకాయి వాళ్ల నాన్నది. డబ్బు వసూలుకు వేరే నోటీసు, వేరే సమావేశం ఉన్నాయి. దాన్ని దీనితో ముడిపెడితే చీటీ తీసుకోవడానికి వచ్చే ప్రతి మనిషికీ బల్ల దగ్గర పరువు సమస్య అవుతుంది, వారు పక్కవారినే అడిగి తీసుకుంటారు, మీ రిజిస్టరు అబద్ధమైపోతుంది.

ఇదంతా కలిపి నోటీసు నేనైతే ఇలా రాస్తాను. "మార్చబడును" లాంటి మాటలు తీసేసి, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నవే ఉంచాను. తేదీలు, ఫ్లాటు నంబర్లు మీవి వేసుకోండి.

"కమ్యూనిటీ హాలు వైఫై: జూలై 5, ఆదివారం ఉదయం 10 గంటలకు పాస్‌వర్డు మారుతుంది.

ఆ వేళ నుండి పాత పాస్‌వర్డు పనిచేయదు. కొత్త పాస్‌వర్డు చీటీలు అదే రోజు ఉదయం 10 నుండి 12 వరకు హాలులో కార్యదర్శి ఇస్తారు. ఆ పూట వీలుకానివారు సోమవారం సాయంత్రం 7 నుండి 8 వరకు హాలులో, ఆ తర్వాత ఏ రోజైనా సాయంత్రం 7 నుండి 8 వరకు ఫ్లాటు 204లో కోశాధికారి దగ్గర తీసుకోవచ్చు. ఫ్లాటుకు ఒక చీటీ. ఇంట్లో పన్నెండేళ్లు దాటిన ఎవరు వచ్చినా సరే, రిజిస్టరులో సంతకం చేస్తే చాలు. అద్దెకు ఉన్నవారూ నేరుగా తీసుకోవచ్చు, యజమాని చెప్పనక్కరలేదు.

ఫోను తెచ్చుకోండి. టైపు చేయడం కష్టమైనవారికి మేమే పెట్టి ఇస్తాం.

మీ ఫోను పాత పాస్‌వర్డుతోనే ప్రయత్నిస్తూ కలవకపోతే, వైఫై జాబితాలో హాలు పేరు మీద నొక్కి `Forget` ఎంచుకోండి. తర్వాత అదే పేరును మళ్లీ నొక్కి చీటీలో ఉన్నది కొట్టండి.

పాస్‌వర్డును గోడ మీద, నోటీసు బోర్డు మీద, వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. ఫోనులో అడిగితే మేము చెప్పము. మీ ఇంటికి వచ్చిన అతిథికి కావాలంటే మీరే పెట్టి ఇవ్వండి.

తర్వాతి మార్పు: ఆగస్టు 2, ఆదివారం ఉదయం 10 గంటలకు."

దీన్ని మార్పుకు అయిదు రోజుల ముందు లిఫ్టు పక్కన ఒకటి, హాలు తలుపుకు ఒకటి పెద్ద అక్షరాల్లో పెట్టండి. పాత నోటీసు తీసేయండి, లేకపోతే సగం మంది పాత తేదీ చదివి వెళ్తారు. మీ భవనంలో ఉర్దూ చదివే కుటుంబాలు ఉంటే, వారిలో ఒకరిని అడిగి ఉర్దూ ప్రతి ఒకటి రాయించి పక్కనే పెట్టండి. మహబూబ్‌నగర్‌లో అలాంటి ఇల్లు లేని భవనం తక్కువ. వాట్సాప్ గ్రూపులో కూడా ఈ నోటీసును ధైర్యంగా పెట్టవచ్చు, ఇందులో పాస్‌వర్డు లేదు గనుక.

`Forget` గురించిన ఆ రెండు వాక్యాలు ఎందుకన్నది ఒక్క మాటలో చెప్తాను. పేరు అదే ఉండి పాస్‌వర్డు మాత్రమే మారినప్పుడు, చాలా ఫోన్లు తమ దగ్గర దాచుకున్న పాతదాన్నే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. కొన్ని తప్పు పాస్‌వర్డు అని స్పష్టంగా చెప్తాయి, కొన్ని `Saved` అని చూపించి ఊరుకుంటాయి. మనిషికి మాత్రం "నెట్ పోయింది" అనిపిస్తుంది. ఐఫోనులో అదే పని `Forget This Network` అన్న పేరుతో ఉంటుంది. ఒకటో తేదీన మీకు వచ్చిన ఫోన్లలో చాలా భాగం ఇవే అయి ఉంటాయని నా నమ్మకం.

రెండు వారాలకొకసారి, హాలులో జనం ఉండే సాయంత్రం వేళ, రూటరు జాబితాలో పరికరాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రిజిస్టరు చివరి పేజీలో రాసుకోండి. పేర్లు చూసి మనుషులను వెతకకండి, ఇప్పటి ఫోన్లు తమ అసలు చిరునామా దాచి మారుచిరునామా చూపిస్తాయి, పొరపాటున ఒకరిని అనుమానిస్తారు. సంఖ్య చాలు. హాలులో పది మంది కూర్చున్నప్పుడు జాబితాలో నలభై కనబడితే, పాస్‌వర్డు బయటకు పోయింది. పై ఫ్లాట్లవారు సిగ్నల్ అందితే ఇంట్లో కూర్చుని వాడుతుండవచ్చు, దాన్ని కూడా లెక్కలో ఉంచుకోండి. అయినా సంఖ్య మరీ తేడాగా ఉంటే మొదటి ఆదివారం దాకా ఆగకుండా, ఒక రోజు ముందు చెప్పి మార్చేయండి. 32 ఇళ్లకు తెలిసిన మాట ఎప్పటికీ పూర్తి రహస్యం కాదు. ఒకవేళ పొక్కినా అది నెల దాటి పనిచేయకుండా చూడటమే మనం చేయగలిగింది, దాన్ని సమావేశంలో కూడా ఇలాగే చెప్పండి.

చీటీలు 32 కాకుండా 33 అచ్చువేయించండి. వాచ్‌మన్ గారి కుటుంబం కూడా ఆ భవనంలోనే నివసిస్తోంది. పిల్లలు చదువుకుంటుంటే హాలు వైఫై అందరికంటే ఎక్కువ అవసరం వారికే. రిజిస్టరులో ఫ్లాటు నంబర్ల తర్వాత వారి పేరున ఒక వరుస గీయండి. మొదటి ఆదివారం ఉదయం వారు కూడా బల్ల దగ్గరికి వచ్చి, సంతకం చేసి, తమ చీటీ తాము తీసుకువెళ్తారు.